మస్కట్ నుంచి హైదరాబాద్‌కు

సైదాబాద్‌లోని నా జిరాక్స్ షాపు షట్టర్ సగం దించి, ఏజెంట్ రవీందర్ నా కుడి చేతిని కౌంటర్ మీద అదిమిపట్టాడు.

"విమానం టైము సున్నా రెండూ సున్నా అయిదు తీసెయ్ యశోదక్కా. పద్నాలుగూ సున్నా అయిదు కొట్టు."

లీలమ్మ గోడకు ఆనుకుని ఉంది. వాడు కొట్టిన దెబ్బకు పెదవి చిట్లింది. ఆమె కూతురు మున్నీని మస్కట్‌లో ఇంటిపనికి పంపింది వీడే. అక్కడ యజమాని ఆ పిల్లను కర్రతో బాదాడు. తన కొడుకు ఊళ్లో లేని ఈ రాత్రే మున్నీని డ్రైవర్‌తో ఎయిర్‌పోర్టుకు పంపుతానని యజమాని తల్లి మాటిచ్చింది. ముసలమ్మకు అరబ్బీ తప్ప చదవడం రాదు. బోర్డింగ్ పాస్‌ను అరబ్బీలో పెట్టమంది. మున్నీ వస్తే తన సంగతి పోలీసులకు చెబుతుందని రవీందర్ భయం. టైము మార్చి ఆ పిల్లకు విమానం తప్పించాలని చూస్తున్నాడు.

నాకు అరబ్బీ చదవడం, రాయడం వచ్చు గనక లీలమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె తెచ్చిన పాస్ ఫొటోను ముందు ఫోన్ యాప్‌తో అరబ్బీలోకి మార్చాను. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. యాప్ పెట్టిన బాణం తిరగబడి, ప్రయాణం హైదరాబాద్ నుంచి మస్కట్‌కు అన్నట్టు కనిపించింది. బాణం తీసేసి, ఎక్కడి నుంచి ఎక్కడికో మాటల్లో రాశాను. పాస్‌లో గేటు గడి ఖాళీ. యాప్ సీటు నంబరు తెచ్చి అందులో పెట్టింది. దాన్ని కొట్టేసి, 'గేటు ఇంకా ఇవ్వలేదు, బోర్డు చూడండి' అని రాశాను. టైము గడి దగ్గరికి వచ్చేసరికి వీడు దిగాడు.

"పాస్ మీద ఏముంటే గదే రాస్త," అన్నాను.

"ఒక్క టైముకు గింత లొల్లా?"

పంచింగ్ మిషన్ ఎత్తి నా వేళ్ల మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకే వినబడింది.

"ఇంకా ఎనిమిదున్నయ్ అక్కా," అని నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే లీలమ్మ షట్టర్ లాగే ఇనుప కడ్డీతో వాడి మోకాలి మీద కొట్టింది. పడ్డాడు. భుజం మీద ఇంకోటి వేసింది. మూడోది తల మీదికి ఎత్తింది.

"లీలా, ఆగు! నా చెయ్యి పోయింది. ఒక్క చేత్తోనే కొట్టాలె, నువ్వు ఫొటో పట్టుకుని చదవకుంటే పాస్ పోదు. బిడ్డ గావాల్నా, వీని తల గావాల్నా?"

కడ్డీ గాలిలోనే కాసేపు ఆగింది. తర్వాత ఆమె వాడి మెడ మీద కాలు పెట్టి ఫొటో అందుకుంది.

"సున్నా రెండు... సున్నా అయిదు."

ఎడమ చేత్తో కొట్టాను. గేటు మూసే టైము 01:45. సీటు 17C. బుకింగ్ కోడ్ K7TQ2M, ఒక్కో అక్షరం ఆమె చదివింది, నేను ఇంగ్లీషులోనే ఉంచాను. తెర మీద పడిన నా రక్తం 45ను కప్పేసింది. తుడిచి మళ్లీ చదివించాను. కింద ఒక ముక్క చేర్చాను: 'అర్ధరాత్రి దాటాక రెండింటికి. మధ్యాహ్నం కాదు.'

పంపాను. కాసేపటికి ఫోన్‌లో ముసలమ్మ గొంతు వచ్చింది, అరబ్బీలోనే.

"ఏమన్నదక్కా?"

"రాత్రి పదింటికి బండి తీస్తరట."

"దవాఖానకు తీస్కపోండే..." కింద నుంచి రవీందర్ మూలిగాడు.

లీలమ్మ షట్టర్ మొత్తం దించి, కడ్డీ ఒళ్లో పెట్టుకుని వాడి వీపు మీద కూర్చుంది.

"ఫికర్ జెయ్యకు భాయ్. విమానం లేసినంక తీస్కపోతం."