మంగళవారం చెక్కుల వాయిదా

ప్రొద్దుటూరు కోర్టులో మంగళవారం వస్తే చెక్కుల తిరునాళ్లే. కత్తులు పట్టినవాళ్లూ, తలలు పగలగొట్టినవాళ్లూ ఉంటారని భయపడుతూ వచ్చినవాడికి వరండా నిండా కనిపించేది ఎవరయ్యా అంటే, నూనె అంగడాయన, ఎరువుల డీలరు, సిమెంటు కొట్టాయన, చీటీలు వేసే టీచరమ్మ. అందరూ బజారులో పొద్దున లేస్తే మొహమొహాలు చూసుకునేవాళ్లే. ఇక్కడికొచ్చేసరికి సగంమంది ఫిర్యాదుదారులు, సగంమంది ముద్దాయిలు. ఈ దిక్కుమాలిన ఏర్పాటు ఎవరు చేశారో గానీ, వాళ్లు ఒక్క మంగళవారం వచ్చి ఆ వరండాలో నిలబడి చూడాలి.

దస్తగిరి నాలుగేళ్లుగా ఆ వరండాలో ముద్దాయి. అమ్మవారిశాల గుడి వెనక సందులో నైటీలు, లంగాలు కుట్టించి అమ్ముకునే చిన్న అంగడి అతనిది. అతని మీద కేసు వేసిన పెంచలయ్య శెట్టి పరాయివాడేం కాదు. దస్తగిరి మొట్టమొదట అప్పుమీద బట్ట తెచ్చుకున్నది ఆయన హోల్‌సేల్ అంగట్లోనే. ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ల లావాదేవీ. రంజాన్‌కు శెట్టి ఇంటికి సేమ్యా వెళ్లేది, ఉగాదికి దస్తగిరి ఇంటికి ఓళిగలు వచ్చేవి.

బజారులో ఒక ఆచారం ఉంది. అప్పుకు సరుకు కావాలంటే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి ఇవ్వాలి. అంకె ఉండదు, తేదీ ఉండదు. ఇచ్చేవాడూ ఆలోచించడు, పుచ్చుకునేవాడూ ఆలోచించడు, తాంబూలం మాదిరి చేతులు మారిపోతుంది. దస్తగిరీ అట్లాగే ఇచ్చాడు. కరోనా తర్వాత వ్యాపారం మందగించిన ఏడాది అతని బాకీ మూడు లక్షల నలభై వేలకు చేరింది. అందులో లక్షా ముప్పై వేల బేలు, అంటే బట్టల మూట, ఒకటి రంగు వదిలే సరుకు. ఉతికితే నీళ్లు నెత్తురు మాదిరి వచ్చేవి. దస్తగిరి ఆ బేలు వాపసు పంపించాడు. శెట్టి దించుకున్నాడు. ఆ బట్ట నేసిన ఈరోడ్ మిల్లువాడు మాత్రం ఒప్పుకోలేదు. శెట్టి దగ్గర పూర్తి డబ్బు అడిగాడు. శెట్టి వాడికీ చెక్కు ఇచ్చి ఉన్నాడాయె!

శెట్టి లాయరు చౌడప్ప తొందర పెట్టాడు. "డబ్బుల దావా వేస్తే కోర్టు ఫీజే తడిసి మోపెడు, డిక్రీ వచ్చేసరికి నీ మనవళ్లు ముసలోళ్లయితారు. చెక్కు కేసంటే జైలు మాట ఉంటాది, పరిగెత్తుకుంటా వస్తాడు. చెక్కు తిరిగొచ్చిన నెలలోపల నోటీసియ్యాల. అందినాక పదైదు రోజులు సూడాల. కట్టకుంటే ఇంగొక నెలలోపల కేసెయ్యాల. గడువు దాటితే ఆ చెక్కు పొట్లాలు కట్టుకోను పనికొస్తాది."

శెట్టి ఆ ఖాళీ చెక్కు మీద మూడు లక్షల నలభై వేలు రాయించి బ్యాంకులో వేశాడు. ఖాతాలో అంత డబ్బు లేదని అది తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే శెట్టి దస్తగిరి అంగడికి వచ్చి, మెట్టు మీద కూర్చుని, "నోటీసొస్తాది రా సాయిబూ, మనసులో పెట్టుకోవద్దు, గడువుల గోల" అని చెప్పిపోయాడు. పోస్టుమ్యాన్ నోటీసు తెచ్చినప్పుడు దస్తగిరి మనసులో పెట్టుకోకుండా ఎట్లా ఉంటాడు? ఆ ఏడాది సేమ్యా వెళ్లలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు చిక్కు. బేలు వాపసు వచ్చిన మాట ఒప్పుకుంటే చెక్కులో అంకె బాకీకన్నా ఎక్కువవుతుంది, కేసు కుప్పకూలుతుంది అని చౌడప్ప శెట్టి నోరు కట్టేశాడు. మిగిలిన రెండు లక్షల పదివేలు బాకీ అని ఒప్పుకుంటే శిక్ష ఖాయం అని దస్తగిరి లాయరు ఓబుల్ రెడ్డి ఇతని నోరు కట్టేశాడు. అంగట్లో టీ తాగుతూ పది నిమిషాల్లో తేలిపోయే లెక్క! నాలుగేళ్లుగా ఒకడు మొత్తం ఇవ్వాలంటాడు, ఇంకొకడు పైసా బాకీ లేదంటాడు. ఇద్దరికీ నిజం తెలుసు. చెబితే ఎవరి కొంప వాళ్లదే మునుగుతుంది. లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టినా ముందు నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని లేచి వచ్చేశారు.

విచిత్రం ఏమిటంటే, వాళ్లను మళ్లీ కలిపింది ఆ వరండానే. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, కదలడానికి లేదు, ఉన్నది ఒక్క బెంచీ. మొదటి ఏడాది చెరొక కొసన కూర్చున్నారు. రెండో ఏడు శెట్టి చిత్రాన్నం డబ్బా మధ్యలో పెట్టి, "తిను. తినకుండా పడిపోతే మళ్లా నా మీదకొస్తాది" అన్నాడు. ఈరోడ్ మిల్లువాడు అక్కడి కోర్టులో శెట్టి మీద కేసు వేసినప్పుడు మాత్రం దస్తగిరి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏం శెట్టీ, ఈడ ఫిర్యాదివి, ఆడ ముద్దాయివా? బోనులో యట్ల నిలబడాల్నో నేను నేర్పిస్తాలే."

"నవ్వురా నవ్వు. నువ్విచ్చింటే నేను వానికిచ్చింటా. నువ్వు నవ్వితే నాకు ఆ ఈరోడ్ అరవమోడు అరిచినట్టుంటాది."

ఆ ఈరోడ్ వాయిదాలూ, శెట్టి కంటి ఆపరేషనూ వచ్చి, ఇక్కడ ఎదుటి లాయరు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన వాయిదాలు మూడు తప్పిపోయాయి. మేజిస్ట్రేటమ్మకు ఓపిక చచ్చిపోయింది. వచ్చే మంగళవారమే ఆఖరి అవకాశం అని రాసేసింది.

ఆ మంగళవారం దస్తగిరి బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. ఓబుల్ రెడ్డి కోటు సర్దుకుంటూ వచ్చి భుజం తట్టాడు.

"శెట్టి రాలేదు. చౌడప్ప కడపకు పోయినాడు, ఆయన జూనియరమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాంది, ఎత్తేదానికి ఎవురూ ల్యారు. మన నంబరు భోజనాలకు ముందే వస్తాది. ఫిర్యాది ల్యాకుంటే కేసు కొట్టేస్తారు, నువ్వు నిర్దోషివి. డబ్బుల దావా వేసుకుందామన్నా మూడేండ్ల గడువు యెప్పుడో దాటిపాయె. పో, కాఫీ తాగిరా. కత కంచికి!"

దస్తగిరి కాఫీకి వెళ్లలేదు. రెండు లక్షల పదివేలు! కుట్టు మిషన్లు రెండు కొనొచ్చు. ప్రతి మంగళవారమూ అంగడి మూసుకోనక్కర్లేదు. జైలు అనే మాట విని నిద్రలో ఉలిక్కిపడే పెండ్లానికి చెప్పొచ్చు. అతను ఏ తప్పూ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. అల్లా మీద ఒట్టు, కూర్చుందామనే అనుకున్నాడు. కాసేపు కూర్చున్నాడు కూడా.

కానీ బెంచీ పక్క ఖాళీని చూసేసరికి మనసు నిలవలేదు. శెట్టి డబ్బు వదులుకునే మనిషి కాదు. చచ్చినా వచ్చి చస్తాడు. రాలేదంటే ఏమైనట్టు? దస్తగిరి లేచి, ఓబుల్ రెడ్డి పిలుస్తున్నా వినకుండా బైకెక్కాడు.

శెట్టి ఇంటి తలుపు తీసింది ఆయన భార్య కామాక్షమ్మ. కళ్లు వాచి ఉన్నాయి.

"రాత్రంతా జొరం దస్తగిరీ. తెల్లార్జామున రోంత నిద్రపట్టింది. నిద్ర పాడైతాదని ఫోను నేనే ఆపేసినా. కొడుకు సరుకుకు పోయినాడు."

"అక్కా, ఈ పొద్దు వాయిదా. పోకుంటే డబ్బులు పోతాయి."

"ఎవురి డబ్బులు?" అని, అడిగినాక ఆమెకే అర్థమై, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

శెట్టి మంచం మీద దుప్పటి ముసుగులో ఉన్నాడు. దస్తగిరి లేపి, చొక్కా తొడిగి, బిళ్ల మింగించాడు. ఏ వారమో తెలిసేసరికి శెట్టి "అయ్యో, మంగళవారమా!" అని తడబడుతూ లేచాడు. దస్తగిరి ఆయన్ను బైకు వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తుండుగుడ్డతో తన నడుముకు కట్టుకున్నాడు.

వాళ్లు మెట్లెక్కేసరికి బంట్రోతు రెండోసారి పేరు పిలుస్తున్నాడు. ఓబుల్ రెడ్డి అప్పటికే లేచి, ఫిర్యాది నాలుగోసారీ హాజరు కాలేదు, కేసు కొట్టేయమని ప్రార్థిస్తున్నాడు. మేజిస్ట్రేటమ్మ పెన్ను తీసింది.

"ఉండాడు మేడమ్" అన్నాడు దస్తగిరి రొప్పుతూ, తలుపు దగ్గర నుంచి. "జొరంగా ఉంటే నేనే పిల్చుకొచ్చినా."

కోర్టు హాలు మొత్తం అటు తిరిగింది. ఓబుల్ రెడ్డి మొహం చూడాలి!

శెట్టి బోనెక్కి కొయ్యను పట్టుకుని నిలబడ్డాడు. ప్రమాణం చేశాడు. వేరే దారి లేక ఓబుల్ రెడ్డి, నాలుగేళ్లుగా దాచుకున్న ప్రశ్న అడిగాడు. "మీరు ఇచ్చిన సరుకులో ఒక బేలు ముద్దాయి వాపసు పంపినాడని, మీరు దించుకున్నారని నేనంటున్నా. నిజమేనా?"

జూనియరమ్మ కళ్లతో సైగ చేసింది, లేదనమని. శెట్టి ఆమెను చూడలేదు. చెమటకు ఒంటికి అంటుకుపోయిన దస్తగిరి చొక్కాను చూశాడు.

"దించుకున్నా స్వామీ. లక్షా ముప్పై వేల సరుకు."

"మరి అఫిడవిట్లో మొత్తం బాకీ అని రాశారే?" అంది మేజిస్ట్రేటమ్మ.

"లాయరు రాసిస్తే సంతకం పెట్టినానమ్మా. తప్పే."

ఓబుల్ రెడ్డి పండగ చేసుకున్నాడు. ఇక ప్రశ్నలు లేవన్నాడు. కేసు ఆ నిమిషంలోనే చచ్చిపోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. అప్పుడు దస్తగిరి చెయ్యెత్తాడు. లాయరు చొక్కా లాగుతున్నా ఆగలేదు.

"మేడమ్, ఆ బేలు పోను మిగతాది నేనియ్యాల. రెండు లక్షల పదివేలు. ఒక్కసారి కాదు, నెలనెలా ఇస్తా."

మేజిస్ట్రేటమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన బల్ల మీద గుట్టగా ఉన్న కట్టలను ఒకసారి చూసింది. "ఈ మాట చెప్పడానికి నాలుగేళ్లు పట్టిందా మీకు?" అని, రాజీ పత్రం రాసి శనివారం లోక్ అదాలత్‌కు తెమ్మంది. ముందు ఆ పెద్దాయన్ను డాక్టరుకు చూపించమని దస్తగిరినే గదిమింది.

వరండాలో శెట్టి బెంచీ మీద కూలబడ్డాడు. జూనియరమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పి విసవిసా వెళ్లిపోయింది. శెట్టి కోపంగా దస్తగిరి వైపు తిరిగాడు.

"నేను రాకుంటే నువ్వు గెల్చింటావంట గదరా! నీకు తెల్సంట గదా! ఎందుకు పిల్చుకొచ్చినావ్?"

దస్తగిరి తుండుతో ఆయన మొహం తుడిచాడు.

"గెల్చి యాడికి పోవాల శెట్టీ? తెల్లారితే ఆ బజారుకే గదా."

శెట్టి అతని చెయ్యి పట్టుకుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. బెంచీ అవతలి కొసన సిమెంటు కొట్టాయన, ఆయన మీద కేసు వేసిన ఇనుము వ్యాపారి, కాస్త జరిగి ఒకరికొకరు చోటిచ్చుకున్నారు.