రెండోసారి చూడని వ్యాను

వదిన గిన్నెలు తోముతోంది. నేను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఉత్తరం రాస్తున్నాను. అన్నయ్య గడపకి ఆనుకుని నిలబడి కాగితాలు ఒక్కొక్కటీ అందిస్తున్నాడు.

"మర్యాదగా రాయి, చెల్లీ. దండంతో పాటు కాస్త దమ్ము కూడా కనపడాలి."

"దమ్ము నీ బండిలోనే లేదు, ఉత్తరంలో ఎక్కణ్ణించి వస్తుంది?" అంది వదిన వెనక్కి తిరక్కుండా.

అన్నయ్య నవ్వలేదు. సరుకుల వ్యాను కల్వర్టు గోడకి గుద్దుకుని ముందు భాగమంతా నుజ్జయింది. సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకుని, కంపెనీ ఎంతవరకు ఇవ్వొచ్చో లెక్కకట్టి రిపోర్టు ఇచ్చాడు. అన్నయ్య బండి వాయిదాకి దాచిన డబ్బుతో, మరికొంత అప్పు చేసి, షెడ్డు మేస్త్రీకి బిల్లు కట్టాడు. క్లెయిము డబ్బు వస్తుందనుకున్నాడు, రాలేదు. వాయిదాలు తప్పాయి. పోయిన వారం ఫైనాన్సు వాళ్లు వ్యానుని తమ యార్డుకి తోలుకుపోయారు. బకాయి కట్టకపోతే వేలం వేస్తారు. క్లెయిము సొమ్ము ఆ లోపల వస్తేనే బండి మళ్లీ మాది.

నేను రాసింది చదివి వినిపించాను. "మరమ్మతు మొత్తాన్ని అంగీకరిస్తూ మీ సర్వేయరు ఇచ్చిన 418 నంబరు రిపోర్టు, షెడ్డు ఇచ్చిన 77 నంబరు ఇన్వాయిస్, చెల్లింపు రసీదు ఇందుకు జతచేశాము. మరమ్మతు పూర్తయినా సొమ్ము అందలేదు. వెంటనే పరిష్కరించవలసిందిగా కోరుతున్నాము."

"బాగుంది. లాయరు రాసినట్టే ఉంది," అన్నాడు అన్నయ్య. చాలా రోజుల తర్వాత అతని గొంతులో కొంచెం ఆశ వినిపించింది.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. క్లెయిముల గుమస్తా, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్న పెద్దాయన, ఉత్తరం పూర్తిగా చదివాడు. కంప్యూటరులో ఫైలు తీశాడు.

"ఉత్తరం చక్కగా ఉందమ్మా. అన్ని నంబర్లూ సరిపోయాయి. కానీ రిపోర్టు చివరి పేరా చూశారా?"

నేను నంబరు కోసం మొదటి పేజీయే చూశాను. ఆయన రెండో పేజీ తిప్పి వేలు పెట్టాడు. మరమ్మతు అయ్యాక సర్వేయరు బండిని మళ్లీ చూడాలి, మార్చిన పాత భాగాలు అప్పటిదాకా ఉంచాలి అని ఉంది. చూసినట్టు ఫైల్లో లేదు.

"సర్వేయరుకి మేస్త్రీయే ఫోన్ చేస్తానన్నాడండీ," అన్నాడు అన్నయ్య. "నాకేమో మర్నాడు లోడు ఉంది. పని అయిన సాయంత్రమే బండి తోలుకొచ్చేశా."

"అదే జరిగింది. కొత్త సామాను నిజంగా వేశారో లేదో మేం దేన్ని చూసి నమ్మాలి? ఇప్పుడైనా బండి చూపించండి."

"అది ఫైనాన్సు యార్డులో ఉందండీ."

"వాళ్లని అడిగి రండి. సర్వేయర్ని అక్కడికే పంపిస్తాం."

ఫైనాన్సు ఆఫీసులో కుర్రాడు ఫోను మీంచి తలెత్తలేదు. "బకాయి కట్టాకే యార్డు గేటు తీస్తామండీ. ముందు కట్టండి."

"ఆ డబ్బు రావాలంటే ముందు సర్వేయరుకి బండి చూపించాలి బాబూ," అన్నాడు అన్నయ్య.

"అది మీకూ వాళ్లకీ మధ్య విషయం."

ఇన్సూరెన్స్ ఆఫీసుకి తిరిగొస్తే గుమస్తా గడ్డం గోక్కున్నాడు. "పోనీ, పాత సామాను పట్టుకురండి. రేడియేటరు, బంపరు, లైట్లు. ఫొటోలతో పోల్చి నేను పైవాళ్లకి రాస్తాను. హామీ మాత్రం ఇవ్వలేను."

షెడ్డుకి పరుగున వెళ్లాం. మేస్త్రీ ఒక జీపు కింద నుంచి తల బయటపెట్టాడు.

"పాతవా? అవెప్పుడో తుక్కు బండి ఎక్కేశాయి బావా. పాత సామాను మేస్త్రీది, అందుకే కూలీ తగ్గించా కదా. నువ్వే అన్నావ్, ఆ ఇనపముక్కలు నా కళ్ల ముందుంచకు, అపశకునం అని."

ఆ షెడ్లోనే కాదు, నాకు తెలిసిన ఏ షెడ్లోనైనా అదే పద్ధతి. పాతది మేస్త్రీది, కొత్తది బండిది. దాన్ని తప్పని ఎవరూ అనుకోరు.

ఇంటికొచ్చేసరికి వదిన వాకిట్లో నిలబడి ఉంది. మా మొహాలు చూసి లోపలికెళ్లింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. మెల్లగా అంది:

"హార్డ్‌వేరు షాపాయన డ్రైవరు కావాలని మళ్లీ కబురు చేశాడు. రేపటిలోగా చెప్పాలట."

పరాయి స్టీరింగు ముట్టనని అన్నయ్య సొంత వ్యాను కొన్నరోజే అన్నాడు. అప్పుడు వీధంతా వింది.

"ఇంకో ఉత్తరం రాస్తాను అన్నయ్యా," అన్నాను. "కొత్త సామాను వేశానని మేస్త్రీ చేత కూడా రాయించి పెడదాం." నా మాట నాకే నమ్మకంగా వినిపించలేదు.

అన్నయ్య గ్లాసు కిందపెట్టి లేచాడు. వదిన వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. చెప్పులు తొడుక్కుని, హార్డ్‌వేరు షాపు ఉన్న వైపు నడిచి వెళ్లిపోయాడు.