గీతకు ఏ రంగు

కామేశ్వరి ఫోను బీరువాలోకి పోయి తొమ్మిది రోజులైంది. తప్పు ఆమెది కాదు, అంకన్నదీ కాదు. బీబీఏ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు జీవానందం సారు రోల్ నంబర్ల వరసన ఇద్దరిద్దరిని జట్టు కట్టించాడు. లేని కంపెనీ ఒకటి ఉన్నట్టు అనుకుని, దానికి పేరు, లోగో, పెట్టె, ప్రచారం అన్నీ తయారుచేసి చూపాలి. ఆ పని మీదే, ఆమెకు జతపడ్డ అంకన్న ఒక మధ్యాహ్నం వరసగా పదకొండు మెసేజీలు పెట్టాడు. దుకాణంలో గల్లా పక్కనున్న ఫోను పదకొండుసార్లు మోగింది. ఆమె తండ్రి జగన్నాథం మెసేజీలు చదవలేదు, పేరు చూశాడు. అంతే, ఫోను తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

క్లాసులు అయిపోయాయి కాబట్టి కాలేజీకి పొయ్యే వంక కూడా లేదు. ఇల్లు పైన, రంగుల దుకాణం కింద. మెట్లు దిగితే నాయన, ఎక్కితే అమ్మ. మార్కాపురం అంతా ఆ షట్టర్ ముందు నుంచే పోతున్నట్టుండేది, ఆమె తప్ప.

"ప్రాజెక్టు పోతే డిగ్రీ పోతాది నాయనా," అందొకరోజు.

జగన్నాథం రంగు డబ్బా మూత బిగిస్తూ ఆలోచించాడు. "ఉత్తరం రాయి. నేను చదివి ఇస్తా. ఆ పిల్లోడు పనిచేసే ఫ్లెక్సీ దుకాణం నాకు తెలుసు."

అంకన్నది హనుమంతునిపాడు దగ్గర పల్లె. ఇంట్లో వాళ్లు గొర్రెలు మేపుతారు. వాడు మార్కాపురంలో గది తీసుకుని, సగం రోజు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తూ చదువుతున్నాడు.

ఆమె గల్లా దగ్గరే కూర్చుని రాసింది. ఫోనుంటే నాలుగు ఫొటోలు పంపి "ఇట్ల ఉండాలి" అనేది. ఇప్పుడు ప్రతిదీ మాటల్లో పెట్టాలి, అదీ నాయన చదివే మాటల్లో.

"అంకన్నకు. మన కంపెనీ పేరు గీత. పలకల ఫ్యాక్టరీల్లో వృథాగా పడేసే రాతి ముక్కలతో గ్లాసు కింద పెట్టుకునే బిళ్లలు, ఇంటి గుమ్మానికి పేరు పలకలు చేస్తాం. కొనేవాళ్లు కొత్తగా ఇల్లు కట్టుకున్న పట్నం వాళ్లు, బహుమతులిచ్చేవాళ్లు. చూడగానే వాళ్లకు బడిలో మొదటిసారి పలక పట్టుకున్నప్పటి సంగతి గుర్తురావాలి. ఆడంబరం కనపడకూడదు.

లోగో: తెలుగులో 'గీత' అనే రెండక్షరాలు, బలపంతో రాసినట్టు. కింద ఒకే ఒక్క అడ్డగీత. రాయి మీద చెక్కాలి కాబట్టి ఒక్క రంగులోనే నిలబడాలి. అంగుళం సైజుకు తగ్గించినా చదవగలగాలి. రంగులు రెండే: పలక బూడిద, బలపం తెలుపు. మా దుకాణం షేడ్ కార్డులోంచి రెండు ముక్కలు కత్తిరించి అంటించాను, స్క్రీను మీద కాదు, వీటిని చూసి కలుపు. కావలసినవి: లోగో, పెట్టె మీది లేబుల్, విజిటింగ్ కార్డు, ఇన్‌స్టాగ్రామ్‌కు మూడు చదరపు పోస్టులు. శుక్రవారానికి మూడు రకాల చిత్తు బొమ్మలు. అందులో ఒకటి ఎంచుకున్నాక, వచ్చే బుధవారానికి అన్నీ."

జగన్నాథం కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తప్పు పట్టడానికేమీ దొరకలేదు. దుకాణదారుడి మనసు మాత్రం ఊరుకోలేదు. ఎర్ర పెన్ను తీసి అంచున రాశాడు: "గీత అన్నప్పుడు కృష్ణుడి రథం ఉండవలెను. బూడిద రంగు అశుభము. పసుపు, ఎరుపు వేయవలెను."

"నాయనా, ఇది నా ప్రాజెక్టు."

"ముప్పై ఏండ్లుగా రంగులమ్ముతాండా. బూడిద రంగు అడిగినోళ్లు ఎంతమంది? నీ మంచికే రాసినా." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని బండెక్కాడు.

మర్నాడు జవాబు అతని జేబులోనే వచ్చింది. అప్పటికే చదివేసిన కాగితాన్ని కూతురి ముందు పెట్టి పక్కన నిలబడ్డాడు.

"కామేశ్వరికి. బూడిద అని ఉంది, పసుపు అని ఉంది. చేతిరాతలు రెండున్నాయి. రథం వేయగలను కానీ బిళ్ల మీద అంగుళం బొమ్మలో ఆ సన్న గీతలు చెక్కితే రాయి పెచ్చులూడుతుంది. రెండూ కలిపి చేస్తే ఏదీ కాకుండా పోతుంది. బ్రీఫ్‌కు, అంటే ఏం కావాలో నువ్వు రాసిచ్చే కాగితానికి కూడా మార్కులున్నాయి. క్లయింట్ ఎవరో ఒక్కమాట రాయి, దాని ప్రకారం చేస్తాను. అంకన్న."

ఒక్కమాట అంటున్నాడు. ఆ ఒక్కమాట నాయన కళ్ల ముందు రాయాలి, నాయన చేతికే ఇవ్వాలి. నాయన మాట కాదంటే ఉత్తరం కదలదు. ఔనంటే ప్రాజెక్టు తనది కాదు. సున్నం బస్తాల వాసనలో కూర్చుని కొత్త కాగితం తీసుకుంది. నల్ల పెన్నుతో రాసింది.

"క్లయింట్ నేను. నల్ల సిరాతో ఉన్నదే బ్రీఫ్. మా నాయన చెప్పిన రథం గురించి ఆలోచించాను. మన బిళ్ల మీద జనం ఎంగిలి గ్లాసు పెడతారు. అక్కడ దేవుడి బొమ్మ ఉండకూడదు. పసుపు, ఎరుపు తడి తగిలేచోట రాయి మీద నిలవవు. చెక్కిన గీత నిలుస్తుంది."

జగన్నాథం చదివాడు. ఎంగిలి గ్లాసు దగ్గర అతని వేలు ఆగింది.

"నా మాట వద్దని బయటి పిల్లోడికి రాసి, నా చేత్తోనే పంపమంటాండావు."

"ఉత్తరం రాయమన్నది నువ్వే కదా నాయనా."

అతను కాగితాన్ని ప్రైమర్ డబ్బా కింద పెట్టి గిరాకీ చూసుకున్నాడు. గురువారం అక్కడే ఉంది. శుక్రవారమూ ఉంది. చిత్తు బొమ్మల గడువు దాటిపోయింది. కామేశ్వరి ఆ డబ్బాను చూస్తూ రోజుకు నలభైసార్లు మెట్లెక్కి దిగింది. తల్లి రామతులసమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ, "ఎంగిలి సంగతి పిల్ల సరిగ్గానే చెప్పింది," అంది భర్తతో.

శనివారం పొద్దున డబ్బా కింద కాగితం లేదు. ఎర్ర పెన్నుతో రాసిన మొదటి మాటలను ఫ్లెక్సీ దుకాణంలో నిలబడి నాయన తానే కొట్టేశాడని ఆమెకు తర్వాత తెలిసింది, అంకన్న చూపించిన కాగితం వల్ల. ఆ సాయంత్రం ఇంటికి మూడు చిత్తు బొమ్మలు వచ్చాయి. ఆమె రెండోది ఎంచుకుంది. అందులో 'గీత' కొంచెం వంకరగా ఉంది, పిల్లల చేతిరాతలాగా.

వైవా రోజు జగన్నాథం కాలేజీ వరండా బల్ల మీద కూర్చున్నాడు, గది తలుపు తెరిచే ఉంది. జీవానందం సారు లోగోను చూసి, "ఒక్క రంగేనా, ఓపిక లేకనా?" అన్నాడు.

కామేశ్వరి లేచింది. "చెక్కేదానికి రంగుండదు సార్." అంకన్న ఒక పలక రాతి ముక్క మీద చెక్కించి తెచ్చిన బిళ్లను ముందు పెట్టింది. సారు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలితో ఆ గీతను రుద్దాడు. ఇద్దరికీ మంచి మార్కులే వేశాడు.

బయట అంకన్న ఆమెతో కాదు, జగన్నాథంతో మాట్లాడాడు. "మా ఓనర్ రంగనాయకులు ఆ ఉత్తరం చూసినాడు సార్. గిరాకీలు ఏం కావాల్నో చెప్పలేరు, నాలుగుసార్లు మార్పిస్తారు. ముందే ఇట్ల రాసిపెట్టే మనిషి కావాలంటాండాడు."

జగన్నాథం "సరే చూద్దాంలే" అని బండి తీశాడు.

దారిలో ఆమె అడిగింది. "ఫోను ఇస్తావా నాయనా?"

"ఇంకెందుకు? పని అయిపోయె కదా."

నిజమే. ఇక ఉత్తరం రాయడానికి కూడా కారణం లేదు. ఆ మూడు వారాలు తాను ఆ కాగితాల్లోంచే గాలి పీల్చుకుందని ఆమెకు అప్పుడు అర్థమైంది. దుకాణం ముందు బండి ఆగింది. జగన్నాథం వంగి షట్టర్ తాళం తీస్తున్నాడు.

"రంగనాయకులు దగ్గర ఆ పనికి పోతా నాయనా," అంది వెనకనుంచి.

షట్టర్ సగం పైకి లేచి ఆగింది. అతను తిరిగి చూడలేదు, కాదనీ అనలేదు. ఆమె ఎండలో అలాగే నిలబడింది, లోపలికి పోకుండా.