అత్తగారి నంబరు

కెన్యాలోని నకురు ఊళ్ళో ఒక వ్యాపారుల క్లబ్బు. అందులో ప్రతి మంగళవారం పొద్దున్నే టీ, మందాజీ బూరెలతో పాటు సభ్యులు ఒకరికొకరు బేరాలు ఇచ్చుకోవాలి. శవపేటికలు చేసే ఒటియాటో చావింటివాళ్ళకు అవసరమైతే టెంట్లకూ, బస్సులకూ, బీమా డబ్బుకూ తోటి సభ్యుల పేర్లే చెప్పేవాడు. ఆయనకు మాత్రం ఎవరూ ఒక్క బేరమూ తేలేదు.

ఊరికే తీసుకోవడం సిగ్గనిపించి, బీమా ఏజెంటు కిప్రుటో లేచాడు.

"ఒటియాటో అన్నా, మా అత్తగారు ఆసుపత్రిలో ఉంది. ఇదిగో నంబరు."

ఆనవాయితీ ప్రకారం అందరూ చప్పట్లు కొట్టారు.

"నేను ఫోన్ చేస్తానని ఆవిడకి తెలుసా తమ్ముడూ?" అన్నాడు ఒటియాటో. "మనిషికి చెప్పకుండా ఇస్తే అది బేరం కాదు, ఒట్టి నంబరు. ముందు నువ్వు మాట్లాడు."

నియమం నియమమే. కిప్రుటో వెళ్ళి చెప్పాడు. అత్తగారు అంతా విని, సరే చేయమను అంది.

మరుసటి మంగళవారం ఒటియాటో లేచాడు.

"కిప్రుటో ఇచ్చిన బేరం కుదిరింది. ఆవిడ కులాసాగా ఇంటికొచ్చేసింది. సగం డబ్బు కూడా కట్టింది."

చప్పట్లు మోగాయి. ఒటియాటో జేబులోంచి టేపు తీశాడు.

"కొలతలు మాత్రం అల్లుడివి తీసుకోమంది. నిటారుగా నిలబడు తమ్ముడూ."