మార్చని గ్లవ్స్

ముందు తిట్టింది ఆవిడే. ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తరవాత జరిగిందంతా నా మెడకే చుట్టుకుంటుంది.

విమానాశ్రయం సెక్యూరిటీలో నాకు పదకొండేళ్ళ సర్వీసు. ఆడవాళ్ళని తనిఖీ చేయడం నా పని, బ్యాగులు మాత్రం ఎవరివైనా చూస్తాను. వచ్చే ప్రతి మనిషికీ ఒకటే అనుమానం, కావాలని తననే పట్టుకున్నామని. వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది. "ముక్కు మీద కోపం పెట్టుకుని తిరిగేదానివి, నీకీ ఉద్యోగం ఎవరిచ్చారే తల్లీ" అంటుంది మా అత్తగారు. ఆవిడ అన్న మాటల్లో నాకు నచ్చకపోయినా నిజమైనది అదొక్కటే.

ఆ ఉదయం ఆరూ ఇరవైకి రాతి క్వారీలో పనిచేసే ఒకాయన బ్యాగు మీద మా పరీక్ష యంత్రం ఎర్రలైటు వేసింది. బ్యాగు మీద చిన్న గుడ్డముక్కతో రుద్ది యంత్రంలో పెడితే, పేలుడు పదార్థం నలుసంత ఉన్నా పట్టేస్తుంది. ఆయనది మందుగుండు పెట్టే పని. కంపెనీ ఉత్తరం చూపించాడు, మా సూపర్‌వైజర్ ఫోన్లు చేసి, బ్యాగంతా నాచేత వెతికించి పంపేశాడు. యంత్రం తుడిచారు, బల్ల తుడిచారు. ఈలోపు లైను తలుపు దాకా పాకింది.

అప్పుడొచ్చింది ఆవిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి, చేతిలో ఫైలు, నిద్రలేని కళ్ళు. మెటల్ డిటెక్టర్ గేటు దాటగానే పైన దీపం వెలిగింది. అది ఇంతమందిలో ఒకరిని దానంతటదే ఎంచుకుంటుంది. మా చేతిలో ఏమీ ఉండదు.

"అదనపు తనిఖీ అమ్మా, ఇటు రండి" అన్నాను.

"నేనే దొరికానా? ఇంతమంది పోతుంటే నా మొహమే కనపడిందా నీకు?"

"నేను కాదు, యంత్రం ఎంచుకుంది."

"యంత్రం వెనకాల కూచున్నది నువ్వేగా. పొద్దున్నే ఎవరో ఒకర్ని ఏడిపించకపోతే జీతం అరగదు కాబోలు."

ఒళ్ళు మండింది. అయినా చెప్పాల్సినవన్నీ చిలకలా చెప్పాను. జేబులు ఖాళీ చేయండి. స్కానర్‌లోకి వచ్చి కింద పాదాల గుర్తుల మీద నిలబడండి. చేతులు పైకెత్తి కదలకుండా ఉండండి, మూడు సెకన్లే. తెర మీద మీ ఒళ్ళు కనపడదు, అందరికీ ఒకే బొమ్మ. అనుమానం ఉన్నచోట పసుపు గడి పడుతుంది, అక్కడ చేత్తో చూస్తాం.

గడి తల మీద పడింది. జుట్టు ముడిలో క్లిప్పు. "తల తాకుతున్నాను" అని చెప్పి మరీ చూశాను. ఏమీ లేదు. తరవాత ఆవిడ చేతులు పట్టుకుని, అరచేతులు తిప్పి, గుడ్డముక్కతో రుద్దాను.

ఎర్రలైటు.

నిజం చెప్పాలంటే నాకు తృప్తిగా అనిపించింది. బాగా అయిందిలే అనుకున్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఏడూ నలభైకి విమానం గేటు మూసేస్తారు" అంది. "పదకొండింటికి కోర్టులో ఉండాలి. నా కూతురు ఎవరి దగ్గర పెరగాలో ఇవాళ తేలుస్తారు. నేను లేకపోతే వాళ్ళ నాన్నకి ఇచ్చేస్తారు."

అప్పటికి ఏడూ పన్నెండు. ఎర్రలైటు పడితే గదిలో పూర్తి తనిఖీ, బ్యాగులో వస్తువు వస్తువుకీ పరీక్ష, పోలీసు వచ్చి కాగితాలు చూడటం. ఎంత లేదన్నా ముప్పావుగంట.

గదిలోకి నాతోపాటు సాక్షిగా చిట్టి వచ్చింది. పొట్టిగా ఉంటుందని అందరం అలాగే పిలుస్తాం, నాలాగే పాత మనిషి. సూపర్‌వైజర్ మగవాడు గనక తలుపు బయటే నిలబడ్డాడు. కొత్త గ్లవ్స్ వేసుకుందామని పాతవి లాగాను. వేళ్ళ మడతల్లో బూడిదరంగు దుమ్ము.

క్వారీ దుమ్ము. ఆయన బ్యాగు వెతికిన గ్లవ్స్‌తోనే ఈవిడ చేతులు పట్టుకున్నాను. మనిషి మారితే గ్లవ్స్ మార్చాలి. పదకొండేళ్ళుగా కొత్తవాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠమే అది. ఆవిడ నోటి మీద కోపంలో నా చేతుల సంగతి మర్చిపోయాను.

వాటిని చుట్టి చెత్తబుట్టలో పడేశాను. చిట్టి చూడలేదు. ప్రయాణికురాలితో గొడవపడ్డానని ఈ ఏడాది నాకు అప్పటికే ఒక మెమో ఉంది. వచ్చేవారం లైన్ ఇన్‌ఛార్జి లిస్టు వస్తుంది, అందులో నా పేరు ఉందని అందరూ అంటున్నారు. రెండో మెమో పడితే లేదు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పని మొదలుపెట్టాను.

"వీపు చూస్తున్నాను. ఇప్పుడు చేతులు. ఛాతీ దగ్గర చేతి వెనకవైపుతోనే తాకుతాను. నొప్పి ఉన్నచోటు ఉంటే చెప్పండి. ఊపిరి నెమ్మదిగా వదలండి, కంగారు పడకండి."

కంగారు పడకండి అని చెబుతున్నది నేను. ఆవిడ తిట్లన్నీ ఎక్కడికో పోయాయి. నడుము దగ్గరికి వచ్చేసరికి గోడ మీద గడియారం చూసి, చాలా చిన్న గొంతుతో అంది:

"మేడమ్, నేను చేసిన తప్పేంటో చెప్పండి. ఒప్పేసుకుంటాను. సంతకం పెట్టమంటే పెడతాను. నన్ను పంపించండి."

నాకు సిగ్గేసింది. పదకొండేళ్ళలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. తలుపు తీశాను.

"సార్, ఆవిడ చేతుల్లో ఏమీ లేదు. క్వారీ ఆయన బ్యాగు చూసిన గ్లవ్స్ నేను మార్చలేదు. బుట్టలో ఉన్నాయి, చూసుకోండి."

సూపర్‌వైజర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ మాట రాసిస్తావా?"

"రాసిస్తాను. ముందు ఆవిడ చేతులు మళ్ళీ చూడండి. నేను కాదు, చిట్టి."

"నిన్ను ఇన్‌ఛార్జి చేద్దామనుకున్నాను చూడు, నాది బుద్ధి తక్కువ."

యంత్రాన్ని ముందు ఉత్తి గుడ్డతో నడిపి శుభ్రంగా ఉందని చూశారు. చిట్టి మిగిలిన తనిఖీ చేసి, కొత్త గ్లవ్స్, కొత్త గుడ్డతో చేతులు రుద్దింది. పచ్చలైటు. బ్యాగు తెరిచి లోపలా బయటా రుద్దింది. పచ్చలైటు. సూపర్‌వైజర్ బుట్టలోని గ్లవ్స్‌నీ పరీక్షించాడు. ఎర్రలైటు. పోలీసు అక్కర్లేదని తలూపాడు. ఏడూ ముప్పై రెండు.

ఆవిడ తనిఖీకి విప్పిన చెప్పులు చేత్తో పట్టుకుని నా ముందుకొచ్చి, ఛాతీ మీది బ్యాడ్జి నంబరు పైకి చదివింది. ఫైలు అట్ట మీద రాసుకుంది.

"నువ్వు ఆయనతో చెప్పిందంతా విన్నాను" అంది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

అబద్ధం ఆడొచ్చు. "గదిలోకి రాగానే" అన్నాను.

"తెలిసి కూడా నా ఒళ్ళంతా తడిమావు. పైగా కంగారు పడకండి అన్నావు."

"మీ గేటు ఎడమవైపు, చివర" అన్నాను. ఆవిడ ఉత్త కాళ్ళతో పరిగెత్తింది.

పదిరోజుల తరవాత సూపర్‌వైజర్ గదికి పిలిపించాడు. ఇన్‌ఛార్జి లిస్టులో చిట్టి పేరుంది. బల్ల మీద నాకు మెమో, దాని పక్కన ఆవిడ ఫిర్యాదు. రెండు పేజీలు. గ్లవ్స్, గది, చెప్పకుండా దాచిన నిమిషాలు, నా నంబరు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తను నన్ను తిట్టిన తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు రాసింది.

"చదివావుగా, సంతకం పెట్టు" అన్నాడాయన.

నేను రెండో పేజీ అడుగున చూస్తున్నాను. అక్కడ అచ్చువేసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. ఈ తనిఖీ వల్ల మీ ప్రయాణం తప్పిపోయిందా? ఎదురుగా రెండు గడులు.

'లేదు' అన్న గడిలో టిక్కు ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

కూతురి సంగతి ఏమైందో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. మెమో మీద సంతకం పెట్టి లైన్‌లోకి వెళ్ళిపోయాను.