జీనత్‌కు చీర అమ్మాలి

కామారెడ్డిలో బట్టల షాపు తాజుద్దీన్ బోర్డు పెట్టాడు: "సేల్స్‌గర్ల్స్ కావలెను. రేపు, సెప్టెంబర్ 20 నుంచి దసరా దాకా. రోజుకు 500, భోజనం. ఎంపిక ఈరోజే."

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన గంగ ఎంపిక పరీక్షలో కూడికలు చేసింది, చీర మడతపెట్టింది. ఈ పని దొరక్కపోతే ఆమెకు ఎండలో కూలిపనే. చివరగా కస్టమర్‌కు చీర అమ్మాలి. కస్టమర్‌గా కూర్చున్నది తాజుద్దీన్ భార్య జీనత్. ఏది చూపించినా వంక పెట్టమని ఆమెకు అతనే చెప్పాడు.

"ధర ఎక్కువున్నది," అంది జీనత్.

"అవునక్కా, గిసొంటివి అందరు కొనలేరు. తక్కువల చూపియ్యాల్నా?"

జీనత్ మొహం బిగుసుకుంది. "తక్కువలెందుకు? గిది ప్యాక్ చెయ్. ఆ పచ్చది గూడ."

"జీనత్, గిది ఉత్త పరీక్షనే," అన్నాడు తాజుద్దీన్.

"ఎరుకనే. పైసలు నువ్వు కట్టు."

తాజుద్దీన్ గంగ వైపు తిరిగాడు. "రేపు పొద్దుగాల రా. గానీ ఈమె వచ్చినప్పుడు మాత్రం నువ్వు గోదాంల ఉండాలె."