ఒత్తులు ఊడిన పీడీఎఫ్

తోడికోడలికి ఈ అనువాదాల ఆఫీసులో ఉద్యోగం ఇప్పించింది పెద్దకోడలే. ఇప్పుడు తలుచుకుంటే తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

పదో తరగతిలోనే చదువాగిపోయినా, పెద్దకోడలు నాలుగేళ్ళుగా తెలుగులోకి అనువాదాలు చేసి నలుగురిచేతా ఔననిపించుకుంది. ఆమె వర్డులో రాసిచ్చినదాన్ని బొమ్మల మధ్య పేర్చి పీడీఎఫ్ చెయ్యడం చిన్నకోడలి పని. వచ్చి ఆర్నెల్లు కాలేదు, చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!" అని ఆ పీడీఎఫ్‌నే మెచ్చుకునేవారు. ముచ్చటంతా పేర్చినదాంట్లోనే ఉందట. మాటలు వాటంతటవే మొలిచాయి కాబోలు! ఇంట్లో అత్తగారిదీ అదే పాట. ఆఖరికి తన రెండేళ్ళ కొడుకు కూడా సాయంత్రం ఈమె ఒళ్ళోంచి జారి "పిన్నీ" అంటూ పరుగెడతాడు.

ఒకరోజు ఒక ఆస్పత్రివాళ్ళ కరపత్రం వచ్చింది. పసిపిల్లలకు జ్వరం వస్తే ఏం చెయ్యాలో తల్లులకు చెప్పేది. తన బిడ్డ ఒళ్ళు కాలిపోయిన రాత్రులు తలుచుకుంటూ, ఒక్కో వాక్యం బయటికి చదువుకుంటూ రాసిందామె.

పంపేముందు అనువాదకురాలు పీడీఎఫ్ చూసి, "చూశాను" అని పేర్చినవాళ్ళకు మెయిలు రాయాలి. అది ఆఫీసు నియమం. చిన్నకోడలికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం అంతంతమాత్రం.

పెద్దకోడలు ఫైలు తెరిచింది. 'బిడ్డకు జ్వరం' అని ఉండాల్సిన చోట 'బిడ్‌డకు జ్‌వరం' అని ఉంది. పుటంతా అదే వరస. కిందికి దిగాల్సిన ఒత్తులు పక్కన నిలబడ్డాయి, ముందక్షరం మీద పొల్లు వేలాడుతోంది.

చెబుదామని నోరు తెరిచింది. అటు చిన్నకోడలి బల్ల దగ్గర ఆఫీసు నడిపే సారు, "నువ్వొచ్చాకే మన కాగితాలకు కళొచ్చిందమ్మా" అంటున్నారు. చిన్నకోడలు సిగ్గుపడుతూ నవ్వుతోంది.

పెద్దకోడలు నోరు మూసుకుంది. 'కళ సంగతి వాళ్ళే చూస్తార్లే' అనుకుని, "చూశాను" అని చిన్నకోడలికి మెయిలు రాసేసింది.

మర్నాడు సారు ఫోను పట్టుకుని నేరుగా ఆమె బల్ల దగ్గరికే వచ్చారు.

"ఇదేంటమ్మా? 'మీ అనువాదకురాలికి ఒత్తులు రాయడం కూడా రాదా, ఆవిడకు మా పని ఇవ్వకండి' అని ఆస్పత్రివాళ్ళు రాశారు!"

పేర్చినవాళ్ళెవరో చదివేవాళ్ళకేం తెలుసు? తప్పు కనిపిస్తే రాసినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. అంత చిన్న సంగతి కడుపుమంటలో ఆమెకు తోచనే లేదు.

"నా వర్డు ఫైలు చూడండి సార్," అంది.

తెరిచారు. అందులో ప్రతి ఒత్తూ దాని చోట అది ఉంది.

చిన్నకోడలు గబగబా వచ్చి తన ఫైలు తీసింది. "అయ్యో! ఈసారి ఆస్పత్రివాళ్ళిచ్చిన టెంప్లేటులో పేర్చాను సార్. అది ఇంగ్లీషుకని చేసింది. అందులో మన లిపి కూర్చే సెట్టింగు పెట్టి లేదు. అక్క టైపు చేసిన యూనికోడ్ అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఫాంటూ మంచిదే. వాటిని కలపడమే ఆ టెంప్లేటుకి చేతకాలేదు."

"మరి పంపేముందు ఎవరూ చూడలేదా?"

పెద్దకోడలు తెరమీది ఫైలునే చూస్తూ కూర్చుంది.

చిన్నకోడలు ఒక్క క్షణం ఆమె వంక చూసింది. "తొందరలో అక్కకి చూపించకుండా నేనే పంపేశాను సార్. తప్పు నాది."

బతికిపోయాననుకోవాల్సిందే. కానీ పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. అందం దానిది, మెప్పు దానిది, పిల్లాడూ దాని వెంటే. ఇప్పుడీ మంచితనం కూడా దానికేనా? జీవితాంతం దీని దయ మీద తలొంచుకు తిరగాలా?

"అబద్ధం సార్," అంది లేచి నిలబడి. "చూపించింది. ఒత్తులు విడిపోయాయని చూసి కూడా నేనే 'చూశాను' అని రాశాను."

"ఎందుకమ్మా?"

"కుళ్ళు సార్. దాని పని చెడితే చూద్దామని."

సారు ఫోను జేబులో పెట్టుకున్నారు. "ముందు సరైన ఫైలు పంపండి. పొరపాటు ఆఫీసుదని నేను రాస్తాను. ఇకనుంచి పంపేముందు చూసే పని మాత్రం నీది కాదు, వేరేవాళ్ళ చేత చేయిస్తాను," అని వెళ్ళిపోయారు.

"నీకేం పుట్టిందక్కా? నేను సర్దేశానుగా!" చిన్నకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిన్నెవరు సర్దమన్నారు?"

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని సెట్టింగు మార్చింది. ఒత్తులు ఒక్కసారిగా కిందికి దిగి అక్షరాల్లో ఒదిగిపోయాయి. పెద్దకోడలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మొదటి మాట నుంచీ బయటికి చదవడం మొదలుపెట్టింది. పుట నిజంగానే ముచ్చటగా ఉంది. అదే ఆమెకు మింగుడుపడలేదు.